‘లో రిస్క్’ అని రాసి సంతకం పెట్టే ముందు

మెడికల్ వార్డు నుంచి మా సైకియాట్రీ విభాగానికి వచ్చే రెఫరెన్సుల్లో చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. "పురుగుమందు కేసు, ప్రస్తుతం స్టేబుల్, డిశ్చార్జికి ముందు ఒపీనియన్ కావాలి." మా పీజీలు రాసే జవాబు కూడా అంతే. "కుటుంబ గొడవ తర్వాత ఆవేశంలో చేసిన పని. ప్రస్తుతం ఆత్మహత్య ఆలోచనలు లేవు. కుటుంబం సపోర్టివ్. లో రిస్క్. మా వైపు నుంచి డిశ్చార్జికి అభ్యంతరం లేదు. ఓపీలో రివ్యూ." కింద ఓ సంతకం, తేదీ. టైము చాలాసార్లు ఉండదు.

ఇందులో అబద్ధం ఏమీ ఉండకపోవచ్చు. నా అభ్యంతరం వేరే. ఈ కాగితాన్ని పక్క బెడ్డు కేస్ షీట్‌లో పెట్టినా సరిగ్గా అతుకుతుంది. దాని పక్క బెడ్డుకీ అతుకుతుంది. ఎవరికైనా సరిపోయే నోటు ఈ మనిషి గురించి ఏమీ చెప్పనట్టే. రేపు రాత్రి ఇదే మనిషి క్యాజువాలిటీకి మళ్లీ వస్తే డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఈ జవాబు ఎందుకూ పనికిరాదు. ఆ డాక్టరుకు కావలసినవి వేరే. అప్పుడు ఏం జరిగింది, ఎవరు ఏం చెప్పారు, ఏది ఈ మనిషిని ఆపింది, ఏది మారితే పరిస్థితి చెడుతుందని అనుకున్నారు, ఇంటికి ఏ ధైర్యంతో పంపారు?

ముందు ఆ ‘లో రిస్క్’ సంగతి తేల్చుకుందాం. లో, మీడియం, హై అని మూడు గడుల్లో మనుషుల్ని పెట్టడం మాకు చదువుకునే రోజుల నుంచే అలవాటు. స్కోరు వేసే పద్ధతులు కూడా నేర్పించారు. 1983లో వచ్చిన శాడ్ పర్సన్స్ స్కేలు ఇప్పటికీ పరీక్షల్లో అడుగుతారు. వయసుకో మార్కు, మద్యానికో మార్కు, ఒంటరితనానికో మార్కు. చిక్కేమిటంటే ఇవి జోస్యం చెప్పలేవు. 2017లో అమెరికాలో యాభై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. ఆత్మహత్యను ముందే పసిగట్టడంలో మనకు తెలిసిన రిస్క్ ఫ్యాక్టర్లు బొమ్మా బొరుసా వేయడం కంటే కాస్తే మెరుగని అది తేల్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022 సెప్టెంబరులో తెచ్చిన స్వీయహాని మార్గదర్శకం ఇంకా సూటిగా చెప్పింది. భవిష్యత్తును ఊహించడానికి స్కేళ్లు వాడొద్దు, లో-మీడియం-హై అని విడగొట్టొద్దు, ఎవరికి చికిత్స ఇవ్వాలో ఆ గడులను బట్టి తేల్చొద్దు అంది. ఆత్మహత్యతో చనిపోయినవాళ్లలో చాలామందిని వాళ్లు చివరిసారి కలిసిన వైద్య సిబ్బంది ‘లో రిస్క్’ అనే అంచనా వేసి ఉన్నారని అక్కడి దర్యాప్తులు మళ్లీ మళ్లీ చూపించాయి. అందులో వింతేమీ లేదు. లో రిస్క్ అనిపించుకున్నవాళ్లే సంఖ్యలో ఎక్కువ కదా.

అయితే అసలు అంచనాయే వేయకూడదా? వేయాలి. జోస్యం కోసం కాదు, ఏం చేయాలో తేల్చుకోవడానికి. 2016లో అమెరికా మనస్తత్వవేత్త పిసాని, ఇంకొందరు కలిసి ప్రతిపాదించిన పద్ధతి నాకు నచ్చింది. గడి బదులు నాలుగు సంగతులు రాయమంటారు. తనలాంటి మిగతా రోగులతో పోలిస్తే ఈ మనిషి పరిస్థితి ఎలా ఉంది? తన పాత రోజులతో పోలిస్తే ఇప్పుడెలా ఉంది? ఆసరాగా ఏమున్నాయి? దగ్గర్లో ఏ మార్పు వస్తే ఇదంతా తలకిందులవుతుంది? నాలుగోది మన కేస్ షీట్లలో దాదాపు కనిపించదు. నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

ఒక కేసు తీసుకుని చూద్దాం. ఇది ఏ ఒక్కరిదీ కాదు, చాలామందిని కలిపి అల్లినది. పేరు సుజాత అనుకుందాం. ఇరవై ఎనిమిదేళ్లు, పల్నాడు వైపు మిర్చీ పండే ఊరు, ఏడేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. భర్త ఆటో తోలుతాడు, ఎకరం కౌలుకు చేస్తాడు. పొలం కోసం తెచ్చిన మందు తాగింది. తర్వాత పక్కింటామెను పిలిస్తే ఆమె 108కి ఫోన్ చేసింది. కొన్నాళ్లు ఐసీయూలో ఉండి వార్డుకు వచ్చింది. ఇప్పుడు రెఫరెన్సు మా దగ్గరికొచ్చింది.

మొదటి ప్రశ్న, ఆమెతో ఎప్పుడు మాట్లాడారు? ఈ పురుగుమందుల్లో చాలావాటికి విరుగుడుగా ఆట్రోపిన్ ఇస్తారు. అది ఎక్కువైతే మనిషి అయోమయంలో పడుతుంది. ఎక్కడున్నదీ తెలియదు, లేనివి కనిపిస్తాయి, గాల్లో చేతులు ఆడిస్తుంది. ఆ స్థితిలో "చనిపోవాలని ఉందా?" అంటే "లేదు" అనొచ్చు. ఆ జవాబుకు విలువ లేదు. కాబట్టి నోటులో మొదటి వాక్యం ఇలా ఉండాలి: ఆట్రోపిన్ ఆపి ఎంతసేపైంది, రోజు, చోటు, మనుషులు గుర్తుపడుతున్నారా, మాట పొంతనగా ఉందా. ఇవి రాయకపోతే కింద రాసేదాన్ని దేని ఆధారంగా నమ్మాలి?

రెండోది, ఎవరి ముందు మాట్లాడారు? వార్డులో బెడ్డు పక్కన అత్తగారు ఉంటారు, కాళ్ల దగ్గర ఆడపడుచు కూర్చుంటుంది, బయట భర్త సెల్ చూసుకుంటూ నిలబడతాడు. అందరి ముందు అడిగితే సుజాత "ఏదో కోపంలో చేశాను సార్, మళ్లీ చేయను" అంటుంది. ‘ఆవేశంలో చేసిన పని’ అన్న మాట మన నోటులోకి వచ్చేది ఇక్కడినుంచే. డ్యూటీ రూములోకి తీసుకెళ్లి సిస్టర్ సమక్షంలో ఒంటరిగా అడిగితే కథ వేరుగా ఉంది. రెండు నెలలుగా నిద్ర లేదు. పొద్దున్నే నాలుగింటికి మెలకువ వచ్చేస్తుంది. మైక్రో ఫైనాన్స్ వాళ్ల వారం కిస్తీ మంగళవారం కట్టాలి, ఆ డబ్బు భర్త తాగుడుకు పోతోంది. రెండు వారాల కిందట ఒకసారి మందు డబ్బా చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసింది. అంతకు ముందు వారం వాళ్లమ్మకు ఫోన్ చేసి "పిల్లల్ని నువ్వు చూసుకోగలవా" అని అడిగింది. ఇవి తెలిశాక ‘ఆవేశం’ అని రాయలేం.

భర్త, అత్త చెప్పేది ఇంకోటి ఉంది. "దగ్గు మందనుకుని తాగేసిందండి." పోలీసు కేసవుతుందని భయం. ఆసుపత్రి ఎలాగూ పోలీసులకు ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు సమాచారం, పంపుతుంది, ఔట్ పోస్టు కానిస్టేబులు వచ్చి స్టేట్‌మెంటు తీసుకుంటాడు. కానీ శిక్ష భయం ఇప్పుడు అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, కాదని రుజువైతే తప్ప, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోకి, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన ఐపీసీ పాత 309 సెక్షన్‌ను తేనేలేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికో ఒత్తిడి చేయడానికో చేసే ప్రయత్నానికి మాత్రం 226వ సెక్షన్ ఉంది. ఈ మాట వాళ్లకు కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పినా "పొరపాటున" అనే అంటే, నోటులో ఎవరి మాట వాళ్ల పేరు మీదే ఉండాలి. "పొరపాటున తాగిందని భర్త, అత్త చెప్పారు. తెలిసే తాగానని రోగి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పారు." అంతే. ఇద్దరిలో ఎవరు నిజం చెబుతున్నారని తీర్పు చెప్పే పని నోటుకు లేదు. అయితే రెండు మాటల్నీ కలిపి ‘యాక్సిడెంటల్’ అని రాసి పక్కన పెట్టే హక్కు కూడా దానికి లేదు.

ఇక ప్రొటెక్టివ్ ఫ్యాక్టర్లు. తెలుగులో రక్షణ అంశాలు అనుకుందాం. మన కేస్ షీట్లలో అన్నిటికన్నా అధ్వానంగా రాసే భాగం ఇదే. "వివాహిత, ఇద్దరు పిల్లలు, దైవభక్తి, కుటుంబం సపోర్టివ్." ఇది జనాభా లెక్కల ఫారం. ఈ దేశంలో పెళ్లైనవాళ్లు, పిల్లలున్నవాళ్లు, గుడికెళ్లేవాళ్లు కోట్లలో ఉన్నారు. ఐసీయూకు వచ్చిన రోజున కూడా సుజాతకు పెళ్లయ్యే ఉంది, పిల్లలున్నారు, మెడలో సాయిబాబా లాకెట్ ఉంది. అవి ఆ రోజు ఆపలేదు. మరి ఇవాళ ఏ లెక్కన ఆపుతాయి? జవాబు ఉండొచ్చు. ఆ జవాబే రాయాలి.

పిల్లల సంగతే తీసుకోండి. ఒక తల్లి "వాళ్లు లేకపోతే ఎప్పుడో పోయేదాన్ని" అంటుంది. ఇంకో తల్లి "నేను పోతే మా అమ్మ దగ్గర హాయిగా పెరుగుతారు" అంటుంది. ఇద్దరి కేస్ షీట్లలోనూ ‘ఇద్దరు పిల్లలు’ అనే ఉంటుంది. మొదటి మాటలో పిల్లలు ఆసరా. రెండో మాటలో తన అవసరం తీరిపోయిందన్న లెక్క ఉంది, ఏర్పాట్లు జరిగిపోయాయన్న సూచన ఉంది. అది రక్షణ అంశాల వరుసలో కాదు, ప్రమాద సూచనల వరుసలో ఉండాలి. సుజాత తాగక ముందు అన్నది రెండో రకం మాట. ఇప్పుడు అంటున్నది: "ఐసీయూ అద్దం అవతల బాబు ఏడుస్తుంటే చూశాను. వాడికి ఇంకోసారి అది చూపించను." ఇదొక మార్పు. ఆమె మాటల్లోనే, తెలుగులోనే, కొటేషన్లలో పెట్టి రాయాలని పీజీలకు చెబుతాను. మిగతా నోటు ఇంగ్లీషులో ఉన్నా ఫరవాలేదు.

‘కుటుంబం సపోర్టివ్’ కూడా అలాంటిదే. ఆసుపత్రిలో అందరూ వస్తారు, పళ్లు తెస్తారు, బెడ్డు చుట్టూ నిలబడతారు. అది సపోర్టు కాదనను. ఇంటికెళ్లిన తర్వాత ఎవరు ఏం చేస్తారో దాన్ని బట్టి మాత్రం తెలియదు. రక్షణ అంశం ఏదైనా రాసేటప్పుడు నేను పీజీలను అడిగే ప్రశ్నలు రెండే. ఇది నీకెలా తెలిసింది? ఎన్నాళ్లు నిలుస్తుంది? "తల్లి వార్డులోనే ఉన్నారు, నేను మాట్లాడాను. మూడు వారాలు తన ఊళ్లో ఉంచుకుంటానన్నారు. ఆ ఇంట్లో పొలం లేదు, పురుగుమందు లేదని చెప్పారు." ఇందులో మనిషి ఉంది, గడువు ఉంది, తెలుసుకున్న దారి ఉంది. మూడు వారాల తర్వాత ఆ ఆసరా ఉండకపోవచ్చన్న సంగతి కూడా చదివినవాళ్లకు అర్థమవుతుంది. దైవభక్తి కూడా ఈ పరీక్షకు నిలిస్తే రాయొచ్చు. "ఆత్మహత్య పాపమని నమ్ముతాను, అందుకే మొదటిసారి డబ్బా పెట్టేశాను" అంటే అది రాయదగ్గది. మెడలో లాకెట్ చూసి రాయడం కాదు.

రక్షణ అంశాలను తూకం రాళ్లలా వాడటం ఇంకో పొరపాటు. ఇటు నాలుగు ప్రమాద అంశాలు, అటు అయిదు రక్షణ అంశాలు, కాబట్టి రిస్క్ తక్కువ. అలా ఎక్కడా తేలదు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉండి "అందరికీ భారం నేనే" అని నిశ్చయించుకున్న మనిషికి ఎంత ప్రేమించే కుటుంబముంటే అంత భారంగా తోస్తుంది. ఏ ఆసరా ఏ ప్రమాదానికి ఎదురు నిలుస్తుందో జతగా రాయాలి. ఇంట్లో మందు డబ్బాలున్నాయి, దానికి ఎదురుగా తల్లి ఇల్లు. అప్పు మనుషుల ఒత్తిడి ఉంది, దానికి ఎదురుగా ఎవరు? ఎవరూ లేకపోతే ఆ ఖాళీ నోటులో కనబడాలి. ప్లాను ఆ ఖాళీ నుంచే పుడుతుంది.

సుజాతను ఒక ప్రశ్న అడగాలి. "ఏం జరిగితే మళ్లీ అలా అనిపించొచ్చు?" "మళ్లీ చేస్తావా" అని అడిగితే ఎవరైనా "లేదు" అనే అంటారు. ఇలా అడిగితే మాత్రం ఆలోచిస్తారు. ఆమె చెప్పింది: "కిస్తీ వాళ్లు గుమ్మంలో కూర్చుంటే ఏం చేస్తానో నాకే తెలీదు సార్." నోటు మొత్తంలో అన్నిటికన్నా విలువైన వాక్యం ఇదే. ఎప్పుడు ప్రమాదం పెరుగుతుందో రోగే రోజుతో సహా చెప్పింది. మంగళవారం. అలాంటప్పుడు ‘ఓపీలో రెండు వారాల తర్వాత రివ్యూ’ అని రాస్తే మనం విననట్టే. రివ్యూ సోమవారమే ఉండాలి.

భాష గురించి కాస్త. తటస్థంగా రాయమంటే రంగూ రుచీ లేకుండా రాయమని కొందరు అనుకుంటారు. కాదు. చూసింది, విన్నది రాయమని. ‘అటెన్షన్ సీకింగ్’ అన్న ఒక్క మాట కేస్ షీట్‌లో పడితే అది ఆమెను జీవితాంతం వెంటాడుతుంది. తర్వాత ఎప్పుడొచ్చినా చదివినవాళ్లు "మళ్లీ డ్రామా" అనుకుంటారు, అంచనా అక్కడే ఆగిపోతుంది. ఆ మాట వెనక ఉన్న సంగతి ఏమిటి? "తాగిన వెంటనే పక్కింటామెను పిలిచారు" అయి ఉంటుంది. అదే రాయండి. సాయం కోరడం రక్షణ అంశం కూడా కావచ్చు. మన విశేషణం దాన్ని తప్పుగా మార్చేసింది. ‘సహకరించలేదు’ అని ఉంటుంది. జరిగిందేమో "అత్తగారు లోపలికి రాగానే మాట ఆపేశారు, ఆమె వెళ్లాక మళ్లీ మాట్లాడారు." రెండింటికీ ఎంత తేడా! ‘భర్త బాధ్యత లేని తాగుబోతు’ అనీ రాయకూడదు. "భర్త దాదాపు రోజూ తాగుతారని రోగి, ఆమె తల్లి చెప్పారు. వారానికి రెండుసార్లేనని భర్త చెప్పారు." నింద ఎవరి మీదా లేదు, సమాచారం మాత్రం పూర్తిగా ఉంది. ‘డినైస్’ అని రాసే అలవాటు మాకు మరీ ఎక్కువ. నిందితుడు నేరం ఒప్పుకోలేదన్నట్టు ఉంటుంది. "ఆలోచనలు లేవని చెప్పారు" అంటే సరిపోతుంది, దాంతోపాటు ఏ ప్రశ్నకు అలా చెప్పారో కూడా రాస్తే ఇంకా మంచిది. ‘ఫెయిల్డ్ అటెంప్ట్’ అనేది కూడా మానేయాలి. బతకడం ఫెయిలవడం ఎలా అవుతుంది?

తెలియనిదాన్ని తెలియలేదని రాయడం కూడా తటస్థతలో భాగమే. "ఇంట్లో ఇంకా మందు డబ్బాలు ఉన్నదీ లేనిదీ తెలియలేదు, అన్నయ్య చూసి చెబుతానన్నారు" అని రాస్తే తర్వాతి డాక్టరు ముందుగా అడగాల్సింది అదేనని తెలుస్తుంది.

ఇప్పుడు సుజాతకు నేనైతే ఎలా రాస్తానో చూపిస్తాను. వార్డులో ఇంగ్లీషులో రాసేదే, ఇక్కడ తెలుగులో.

> ఉదయం 11.20. డ్యూటీ రూములో, స్టాఫ్ నర్సు సమక్షంలో, కుటుంబం లేకుండా మాట్లాడాను. తర్వాత రోగి అనుమతితో తల్లితో, విడిగా భర్తతో మాట్లాడాను. ఆట్రోపిన్ ఆపి రెండు రోజులైంది. రోజు, చోటు, మనుషులు సరిగ్గా చెప్పారు. మాట పొంతనగా ఉంది.
>
> తెలిసే తాగానని, ఆ సమయంలో చనిపోవాలనే అనుకున్నానని చెప్పారు. రెండు వారాల కిందట ఒకసారి డబ్బా తీసి పెట్టేశారు. అంతకు ముందు వారం పిల్లల్ని చూసుకోమని తల్లిని అడిగారు (తల్లి కూడా ఇదే చెప్పారు). తాగిన తర్వాత పక్కింటివారిని పిలిచారు. పొరపాటున తాగారని భర్త, అత్త చెప్పారు.
>
> రెండు నెలలుగా నిద్ర, ఆకలి తగ్గాయి, దేనిమీదా ఆసక్తి లేదు, తాను పనికిరానిదాన్నని అనిపిస్తోంది. భ్రమలు, భ్రాంతులు లేవు. ఇది మధ్యస్థ స్థాయి డిప్రెషన్ అని నా అభిప్రాయం.
>
> ఇవాళ చనిపోవాలన్న కోరిక గానీ ప్లాను గానీ లేవని చెప్పారు. "బాబుకి ఇంకోసారి అది చూపించను." బతికినందుకు ఎలా ఉందని అడిగితే "మంచిదే అయింది" అన్నారు. ఏం జరిగితే మళ్లీ అనిపించొచ్చంటే "కిస్తీ వాళ్లు గుమ్మంలో కూర్చుంటే ఏం చేస్తానో నాకే తెలీదు."
>
> అంచనా: ఈ కారణంతో వార్డుకు వచ్చే మిగతావారితో పోలిస్తే ప్రమాదం ఎక్కువే. ముందు ఆలోచన, ఏర్పాట్లు, చికిత్స అందని డిప్రెషన్ ఉన్నాయి. గత వారంతో పోలిస్తే తగ్గింది. నిద్ర కొంత వచ్చింది, బతకడానికి కారణం తానే చెబుతున్నారు, సాయం తీసుకుంటానంటున్నారు. ఆసరా: తల్లి మూడు వారాలు తన ఇంట్లో ఉంచుకుంటారు, ఆ ఇంట్లో పురుగుమందు లేదని చెప్పారు. అప్పు విషయంలో ప్రస్తుతానికి ఆసరా లేదు. పరిస్థితి మారగల సందర్భాలు: మంగళవారం కిస్తీ, భర్త తాగి తల్లి ఇంటికి రావడం, మూడు వారాల తర్వాత తిరిగి అత్తవారింటికి వెళ్లడం.
>
> నిర్ణయం, కారణం: సైకియాట్రీ వార్డులో చేరడం గురించి వివరించాను. పిల్లలను వదిలి ఉండలేనని వద్దన్నారు. చికిత్స గురించి చెప్పింది అర్థం చేసుకుని లాభనష్టాలు తన మాటల్లో చెప్పగలిగారు. తల్లి ఇంట్లో తక్కువ ఆంక్షలతో చూసుకునే వీలుంది కాబట్టి ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా చేర్చుకోవాల్సిన పరిస్థితి ఇవాళ లేదు. ఆవిడ ఒక్కరే అత్తవారింటికి వెళ్లాల్సి వస్తే ఈ నిర్ణయం మారుతుంది.
>
> ప్లాను: డిశ్చార్జి తల్లి వెంట మాత్రమే. అత్తవారింట్లో మిగిలిన డబ్బాలు అన్నయ్య తీసేసి సాయంత్రం లోపు వార్డుకు ఫోన్ చేసి చెబుతారు. ఫోన్ వచ్చిందీ లేనిదీ సిస్టర్ ఇక్కడ రాస్తారు. డిప్రెషన్ మందు మొదలు, వారానికి సరిపడానే, తల్లి దగ్గర ఉంటుంది. సోమవారం ఓపీలో నన్ను కలుస్తారు. రాకపోతే ఆ మధ్యాహ్నమే సోషల్ వర్కర్ తల్లికి ఫోన్ చేస్తారు. కిస్తీ వాయిదా గురించి సోషల్ వర్కర్ అన్నయ్యతో మాట్లాడతారు. సేఫ్టీ ప్లాను రోగితో కలిసి తెలుగులో రాశాం, ఒక కాపీ ఆమె దగ్గర. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చాను.

చాలా పెద్దదైపోయిందని మీకు అనిపించొచ్చు. మా పీజీలూ అదే అంటారు. "మేడం, రోజుకు పది రెఫరెన్సులొస్తాయి, ఇదంతా రాస్తూ కూర్చుంటే ఎలా?" న్యాయమైన ప్రశ్నే. చేతిరాతలో ఇది ఒకటిన్నర పేజీ. పది మందికీ ఇంత అక్కర్లేదు. రెండో రోజు నోటులో ఏం మారిందో రాస్తే చాలు. రాయడానికి టైము లేనప్పుడు మిగతావన్నీ కుదించినా మూడు వాక్యాలు వదలొద్దంటాను: ఏం జరిగితే మళ్లీ ప్రమాదమో రోగి మాటల్లో ఒకటి, ఈ నిర్ణయానికి కారణం ఒకటి, ఎవరు ఏ రోజున ఏం చేస్తారో ఒకటి. దాదాపు అదే టైములో స్కేలు మార్కులు కూడి, గుండ్రంగా చుట్టి, అంకె వేసేవాళ్లను చూశాను.

రెండో అభ్యంతరం సీనియర్ల నుంచి వస్తుంది. "ఎంత ఎక్కువ రాస్తే కోర్టులో అంత ఎక్కువ దొరికిపోతాం." దీన్ని నేను ఒప్పుకోను. వినియోగదారుల కమిషన్‌లో గానీ విచారణలో గానీ అడిగేది ఆ రోజు తెలిసిన విషయాలతో ఈ నిర్ణయం తీసుకోవడం సమంజసమేనా అని. ‘లో రిస్క్’ అన్న రెండు మాటలు ఆ ప్రశ్నకు జవాబివ్వలేవు. ఆ రోజు రాయని కారణాన్ని రెండేళ్ల తర్వాత చెబితే ఎవరు నమ్ముతారు? కాదన్న దారి ఏమిటో, ఎందుకు కాదన్నామో రాసినప్పుడే ఆలోచించామని తెలుస్తుంది. వెనక్కి వెళ్లి వాక్యాలు ఇరికించడం మాత్రం పనికిరాదు. మర్చిపోయింది గుర్తొస్తే కొత్త టైము వేసి ‘అదనంగా’ అని రాయాలి.

కోర్టు భయంతోనే పుట్టిన ఇంకో అలవాటు ‘ఇకపై ఇలా చేయను’ అని రోగి చేత రాయించుకుని సంతకం పెట్టించడం. అది ప్రాణం కాపాడుతుందని ఎక్కడా నిరూపణ కాలేదు. పైగా ఆ కాగితం మీద సంతకం పెట్టిన మనిషి మళ్లీ ఆలోచనలొస్తే మనకు చెప్పడానికి మొహమాటపడుతుంది. దాని బదులు సేఫ్టీ ప్లాను రాయాలి. ముందుగా ఏ లక్షణం కనిపిస్తుంది, అప్పుడు తను ఏం చేస్తుంది, ఎవరికి ఫోన్ చేస్తుంది, ఇంట్లోంచి ఏం తీసేయాలి. ఇందులో మాట తీసుకోవడం లేదు, దారి చెప్పడం ఉంది.

ఇంకో పాఠకురాలు కూడా ఉందని మేం మర్చిపోతాం. ఆమే సుజాత. 2017 చట్టం 25వ సెక్షన్ ప్రకారం తన వైద్య రికార్డులు చూసే హక్కు ఆమెకుంది. ఆమెకు తీవ్రమైన మానసిక హాని గానీ, ఇతరులకు హాని గానీ జరిగే వీలున్న భాగాన్ని మాత్రమే ఆపొచ్చు, ఆపామని ఆమెకు చెప్పాలి. మెడికల్ కౌన్సిల్ 2002 నియమాలు కూడా రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలంటాయి. ఆమె చదివితే తలెత్తుకోలేని వాక్యం ఏదైనా ఉంటే అది చాలావరకు విశేషణమే అయి ఉంటుంది. తీసేసినా సమాచారం ఏమీ పోదు.

చివరగా డిశ్చార్జి సమ్మరీ. కేస్ షీట్ ఆసుపత్రిలో ఉంటుంది, సమ్మరీ ఇంటికి వెళుతుంది. మన దగ్గర అది పట్టుకునేది చాలాసార్లు భర్తే. ఆటోలోనే చదువుతాడు, ఇంటికెళ్లాక ఊళ్లో ఆర్‌ఎంపీకీ, అప్పు మనిషికీ కూడా చూపిస్తాడు. సుజాత ఒంటరిగా ఉన్నప్పుడు "తాగొచ్చి కొడతాడు" అని చెప్పి ఉంటే అది కేస్ షీట్‌లో, ఆమె మాటల్లో, గాయాలుంటే వాటి వివరంతో ఉండాలి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు, హింసకు గురైన మహిళలకు సాయం చేసే వన్ స్టాప్ సెంటరు గురించి ఆమెకు చెప్పిన సంగతి కూడా అక్కడే ఉండాలి. సమ్మరీలో మాత్రం ఆ వాక్యం ఉంటే ఆ రాత్రే దెబ్బలు పడొచ్చు. అందుకే సమ్మరీలో ఏం రాయాలో ఆమెనే అడగాలి. రోగ నిర్ధారణ, మందులు, సోమవారం రివ్యూ, అత్యవసర నంబరు ఉంటే చాలు. కేస్ షీట్‌లో మాత్రం ఒక లైను రాయాలి: "సమ్మరీలో కొన్ని వివరాలు రోగి కోరిక మీద చేర్చలేదు, పూర్తి నోటు ఇక్కడ ఉంది." అది లేకపోతే సోమవారం ఓపీలో ఉండే ఇంకో డాక్టరు సమ్మరీ ఒక్కటే చదివి, అన్నీ బాగానే ఉన్నాయనుకుని, భర్తను లోపలికి పిలిచి అతని ముందే అడుగుతాడు.